పసుపు కింద అంకె

టీ గ్లాసు చేతికందగానే బంగార్రాజు ముందు దాన్ని వెలుతురుకేసి ఎత్తి పట్టుకుని చూస్తాడు. పాలు ఎన్ని, నీళ్ళు ఎన్ని అని తేల్చుకున్నాకే తాగుతాడు. అరటిపళ్ళు కొంటే అత్తం తిప్పి వెనక వరస చూస్తాడు. గుళ్ళో ప్రసాదం పెడితే, ముందున్న మనిషికి ఎంత పెట్టారో ఓరకంట చూసి గానీ చెయ్యి చాపడు. "ఈయన పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు నా జడ నిజమో కాదో అని రెండుసార్లు అటు తిరగమన్నారు" అని భార్య సంపూర్ణమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆయన కాదనడు. అప్పట్లో సవరాలు పెట్టి మోసం చేసేవాళ్ళు ఉండేవారని మాత్రం అంటాడు.

ఊరికే వచ్చిన గుణం కాదిది. మండపేటలో ట్రాక్టరు ట్రాలీలు కట్టే షెడ్డులో చిన్నప్పుడే పనికి కుదిరాడు. అక్కడ ప్రెస్సు కింద చెయ్యి ఉండగా ఎవరో పెడలు తొక్కేశారు. కుడిచేతి ఉంగరపు వేలు మొదటి కణుపు దాకా పోయింది. తొక్కినవాడెవడో ఈనాటికీ తేలలేదు. తర్వాత ఒక స్నేహితుడితో వాటా కలిసి రాజమండ్రి శివారులో సొంత షెడ్డు వేసుకున్నాడు. అన్నవరంలో వ్రతం చేయించుకుని తిరిగొచ్చేసరికి, రేకు కోసే మిషనూ లేదు, స్నేహితుడూ లేడు. ఆ రోజు మొదలు బంగార్రాజు ఎవరినీ పూర్తిగా నమ్మింది లేదు.

అలాంటి మనిషి షెడ్డులో ఇన్నేళ్ళు నిలిచినవాడు ఐజాక్ ఒక్కడే. ధవళేశ్వరం నుంచి బండి మీద వస్తాడు. ఆదివారం లూథరన్ గుళ్ళో తబలా వాయిస్తాడు, మిగతా రోజుల్లో బెండింగ్ ప్రెస్సు మీద రేకు వంచుతాడు. పెద్దగా మాట్లాడడు. మాట్లాడని మనిషి లోపల ఏదో దాస్తున్నాడని బంగార్రాజు లెక్క. కానీ ఐజాక్ వంచిన రేకుకి మూలమట్టం పెడితే మధ్యలో వెలుతురు దూరదు. అందుకే షెడ్డు తాళం రెండోది అతని దగ్గరే ఉంచాడు. ఇచ్చిన రోజున మాత్రం సంపూర్ణమ్మతో, "చూద్దాం" అన్నాడు. ఆ చూడ్డం ఇంకా అయిపోలేదు.

దసరాకి ముందు భీమవరం నుంచి ప్రేమ్ కుమార్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. రొయ్యల చెరువుల గట్ల మీద మోటారు స్టార్టర్లు పెట్టుకునే ఇనుప పెట్టెలు కావాలి. ఉప్పుగాలికి పలచటి రేకు తినేస్తుందని రెండున్నర మిల్లీమీటర్ల రేకు అడిగాడు. పెట్టెకి మూత, మూత చుట్టూ నాలుగు వైపులా లోపలికి మడిచిన చిన్న అంచు. ఆ అంచు పన్నెండు మిల్లీమీటర్లు ఉంటే చాలన్నాడు.

"పన్నెండు కుదరదండి" అన్నాడు బంగార్రాజు. ప్రెస్సు దగ్గరికి తీసుకెళ్ళి డై చూపించాడు. నాలుగు పలకల ఇనుప దిమ్మ అది. ఒక్కో పలక మీద పొడుగునా ఒక్కో వీ ఆకారపు గాడి. గాళ్ళ నోళ్ళు పన్నెండు, పదహారు, ఇరవై, పాతిక మిల్లీమీటర్ల వెడల్పు. ఏ గాడి కావాలంటే ఆ పలక పైకి వచ్చేలా దిమ్మని దొర్లించి బిగించుకోవాలి. గాడి మీద రేకు పరిచి, పైనుంచి పంచ్ అనే ఇనుప అంచు దిగితే రేకు వీ లోకి వంగుతుంది.

"రేకు మందానికి ఎనిమిది రెట్లు నోరు ఉండాలండి. రెండున్నరకి ఇరవై. ఇరవై మీద వంచితే మూల లోపలి గుండ్రం మూడుంపావు దాకా వస్తుంది, రేకు నలగదు. ఇకపోతే అంచు. వంగేటప్పుడు రేకు రెండు వైపులా గాడి గట్ల మీద ఆని ఉండాలి. అంచు పొట్టిదైతే గట్టు దిగి గాడిలో పడిపోతుంది. వెడల్పులో పదింట ఏడు వంతులు, అదండీ కనీసం. ఇరవైకి పద్నాలుగు."

"మరి పదహారు గాడి మీద వంచితే?" అన్నాడు ప్రేమ్ కుమార్. తెలివైనవాడే. "దానికి పదకొండు చిల్లర కదండీ, పన్నెండు సరిపోతుందిగా."

బంగార్రాజు అతన్ని ఎగాదిగా చూశాడు. ఇంత తొందరగా లెక్క కట్టినవాడు ఇంకెక్కడో ధర కనుక్కుని వచ్చాడేమో అనిపించింది. "వంగుతుందండి, వంగదని కాదు. ప్రెస్సు మీద బరువు పావు వంతు పెరుగుతుంది. మూల బిగిసిపోతుంది. వంపు రేకు పొర వాటంగా పడిందంటే బయట వైపు సన్నగా చిట్లినా చిట్లొచ్చు. పైకి రంగు కొడితే కనపడదు గానీ మీ ఉప్పుగాలి దానికోసమే చూస్తుంటుంది."

ప్రేమ్ కుమార్ నవ్వేసి పదిహేను చేసుకొమ్మన్నాడు. లోపల పెట్టే రబ్బరు పట్టీకి పదిహేను దాటితే కుదరదు కాబట్టి, అటు పద్నాలుగు, ఇటు పదిహేను, మధ్యలో ఒక్క మిల్లీమీటరు మిగిలింది. చాలు అన్నాడు బంగార్రాజు. చాలు అన్నాడు ఐజాక్ కూడా. అంతవరకూ ఇద్దరిదీ ఒకటే మాట.

పెట్టెల్లో సగం దసరా ముందే వంచేశారు. ఆయుధ పూజ నాడు మామూలుగానే మిషన్లు ఆపేసి, డైలు విప్పి, కిరసనాయిలుతో కడిగి, తుడిచి, మళ్ళీ ఎక్కించి పూజ చేసుకున్నారు. డై ఎక్కించడం ఆ ఒక్క రోజూ బంగార్రాజు స్వహస్తాలతో చేస్తాడు. తన షెడ్డులో మొదటి పసుపు ఇంకొకరి చేత్తో పడకూడదు. వెనకాల నిలబడ్డ సంపూర్ణమ్మ ఏదో అంటే, దానికి తగ్గట్టు ఏదో సర్ది, నాలుగు వేళ్ళూ పసుపులో ముంచి డై చివరి మొహం మీద పైనుంచి కిందికి బలంగా గీశాడు. మీద కుంకుమ బొట్లు, బంతిపూల దండ. కొబ్బరికాయ కొట్టాడు. గుమ్మడికాయ పగిలింది. ఆ సందడిలో ఆ సర్దిన ముక్క ఆయన తలలోంచి జారిపోయింది.

ఐజాక్ ఏటా లాగే కొత్త చొక్కా వేసుకొచ్చాడు. పూజ జరుగుతున్నంతసేపూ గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత అందరితో కలిసి పులిహోర తిన్నాడు. ఇన్నేళ్ళూ అలాగే చేశాడు. ఈ ఏడు మాత్రం బంగార్రాజు కన్ను అతని మీదే ఉంది, ఎందుకంటే పులిహోర చేతిలో ఉండగా అతనికి ఫోనొచ్చింది. గోడ పక్కకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడాడు. గాలివాటుకి ఒక్క ముక్క వినిపించింది. "దుర్గాసాయి గారూ."

దుర్గాసాయి అంటే తణుకులో కొత్తగా పెద్ద షెడ్డు పెట్టినవాడు. కంప్యూటరు ప్రెస్సు తెచ్చాడని, దానికి మంచి పనివాడు దొరక్క తిరుగుతున్నాడని బంగార్రాజు చెవిన ముందే పడింది. ఇంక అడగాలా! పులిహోరలో వేరుశనగ గింజ కూడా ఆయనకి చేదుగా తగిలింది.

మర్నాడు మిగతా పెట్టెలు మొదలెట్టారు. ఐజాక్ మొదటిది వంచి మూలమట్టం పెట్టి చూసి, "తొంభైకి రావట్లేదండి, తెరుచుకుంటంది. పంచ్ లోతు కొంచెం పెంచాను" అన్నాడు.

"ఎందుకు రాదు? పండగ ముందు వచ్చింది కదా."

"రేకు మారిందేమోనండి. కొత్త కట్ట కదా, కొంచెం బిరుసుందేమో."

బంగార్రాజు అప్పటికి రేకు కొట్టువాణ్ణి అనుమానించి ఊరుకున్నాడు. సాయంత్రం కొలిస్తే పెట్టెల వెడల్పు పండగ ముందువాటి కంటే అర మిల్లీమీటరు పైన పెరిగింది. మూల కూడా ఒక పిసరు గుండ్రంగా తోచింది. రేకు కోసిన మిషను బ్లేడుని అనుమానించాడు. ఆయన దగ్గర అనుమానాలకి కొదవ లేదు, ఏ వస్తువుకి ఆ వస్తువు వాటా పంచిపెడతాడు. పెట్టె అంచులు నలభై మిల్లీమీటర్లు కాబట్టి అంతకు మించి ఏమీ తేడా కొట్టలేదు.

ఆ మర్నాడు మూతలు పెట్టారు. అక్కడ వచ్చింది తంటా.

మొదటి మూతకి అంచు వంచుతుండగానే టక్కుమని చప్పుడైంది. తీసి చూస్తే అంచు వంకర. ఒక కొస పదిహేను ఉంటే రెండో కొస పదమూడుకి పడిపోయింది. రేకు మీద గట్టు గీరిన గీత. రేకు ఎంత లోపలికి వెళ్ళాలో అక్కడ ఆపే వెనక గేజిని ఐజాక్ చూసుకున్నాడు, బిగించే ఉంది. రెండోది పెట్టాడు. అదీ అంతే. మూడోది గట్టిగా అదిమి పట్టుకుంటే సగం నిలిచి సగం జారింది. నాలుగోదానికి చెయ్యి ఆపేసి తల గోక్కున్నాడు.

వెనకాలే నిలబడి ఉన్నాడు బంగార్రాజు. కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తున్నాడు. ఆయన తలలో లెక్క చకచకా తిరిగింది. గాడి ఇరవై. ఇరవైకి పద్నాలుగు. అంచు పదిహేను. ఒక మిల్లీమీటరు మిగులు ఉంది. లెక్క ప్రకారం జారడానికి వీల్లేదు. జారకూడని అంచు జారిందంటే, జారేలా చేసిన చెయ్యి ఒకటి ఉండాలి. రేకు మీద ఉన్న చెయ్యి ఐజాక్‌ది. ఆ ఐజాక్‌కి తణుకు నుంచి ఫోనొచ్చింది. లెక్క ఎంత చక్కగా కుదిరిందంటే, బంగార్రాజుకి లోపల ఒకరకం తృప్తి కూడా కలిగింది. ఇన్నేళ్ళ 'చూద్దాం'కి ఇవాళ జవాబు దొరికింది.

"ఇవాళ్టికి ఆపెయ్" అన్నాడు.

"గేజి వేళ్ళు అరిగాయేమోనండి, విప్పి చూస్తాను."

"ఏం విప్పక్కర్లేదు. ఇంటికెళ్ళు."

భోజనం దగ్గర సంపూర్ణమ్మకి చెప్పాడు. "పోయేవాడు పోవచ్చు. పోతూ పోతూ నా పేరు చెడగొట్టి పోదామనుకుంటున్నాడు. ఈ పెట్టెలు పోతే భీమవరం వాళ్ళు ఎక్కడికెళ్తారు? తణుకెళ్తారు. పనివాడూ పనీ ఒకేసారి దుర్గాసాయికి."

"ఐజాకా?" అంది సంపూర్ణమ్మ. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది. "మీకేమన్నా మతిపోయిందా? నాకు జొరమొచ్చినప్పుడు ఆస్పత్రిలో మీరు నర్సుల్ని అనుమానిస్తా కూర్చుంటే, మందులు తెచ్చిపెట్టింది వాళ్ళావిడ దీనమ్మ."

"మంచితనం వేరు, యవ్వారం వేరు" అన్నాడు బంగార్రాజు. అన్నాడే గానీ పెరుగన్నం సగంలో వదిలేసి లేచాడు.

పొద్దున్నే అందరికంటే ముందు షెడ్డుకి వెళ్ళాలని బయల్దేరాడు. వెళ్ళేసరికి తాళం తీసి ఉంది. గేటు బయటే చెప్పులు విడిచి, పిల్లిలా నడిచి లోపలికి తొంగిచూశాడు. ప్రెస్సు దగ్గర ఐజాక్ ఒక్కడే ఉన్నాడు. డై బిగించిన బోల్టులు విప్పాడు. దిమ్మని రెండు చేతులా పట్టుకుని ఒక పలక దొర్లిస్తున్నాడు.

"దొరికావు!" అని కేకేశాడు బంగార్రాజు.

ఐజాక్ ఉలిక్కిపడి దిమ్మ వదిలేశాడు. అది ధనామని పలక మీద కూర్చుంది. అప్పుడే వస్తున్న వెల్డరు వీరబాబూ, ఇంకో ఇద్దరు పనివాళ్ళూ ఆ కేకకి పరిగెత్తుకొచ్చారు. వెనకాల ఫ్లాస్కుతో సంపూర్ణమ్మ.

"ఏం చేస్తున్నావు?"

"డై మారుస్తున్నానండి. స్కేలు పెట్టి కొలిచాను. పాతిక ఉంది పైన. ఇరవై కాదండి. పాతికకి పదిహేడున్నర కావాలి కదండీ, మన పదిహేను ఎక్కడ నిలుస్తుంది? రాత్రి పడుకున్నాక తట్టింది. లోతు పెంచాల్సొచ్చిందీ అందుకే, పెట్టె పెరిగిందీ అందుకే. మొన్ననే కొలవాల్సిందండి, నాదీ తప్పే."

అతను ఒక్క ఊపిరిలో ఇంత మాట్లాడటం ఆ షెడ్డులో ఎవరూ వినలేదు. బంగార్రాజుకి ఆ మాటలన్నీ నిజమని చేతులకి తెలిసిపోయింది. లోతు, గుండ్రం, అర మిల్లీమీటరు, అన్నీ వచ్చి వాటి వాటి గూళ్ళలో కూర్చున్నాయి. కానీ కోపమనే గుర్రం ఎక్కినవాణ్ణి అంత తొందరగా దిగనివ్వదు.

"పాతిక ఎలా వస్తుంది? దానంతట అదే బోర్లా పడుకుందా? ఈ ప్రెస్సు మీద నువ్వు తప్ప చెయ్యేసేవాడెవడు? నువ్వే తిప్పావు. పని పాడు చేశావు. రాత్రి నేను పసిగట్టానని తెలిసి, తెల్లారకుండా వచ్చి మళ్ళీ మామూలుగా పెట్టేస్తున్నావు. తణుకోడు చెప్పాడా ఇలా చెయ్యమని?"

ఐజాక్ నోరు తెరిచాడు. అతని చూపు ఒకసారి డై చివరి మొహం మీదికి వెళ్ళింది, అక్కణ్ణించి బంగార్రాజు చేతి మీదికి వచ్చింది. మళ్ళీ నోరు మూసుకున్నాడు.

"చెప్పు! మాటరాదేం?"

"ఏం లేదండి."

"అయితే తాళం ఇక్కడ పెట్టు."

జేబులోంచి తాళం తీసి ప్రెస్సు బల్ల మీద పెట్టాడు ఐజాక్. సంపూర్ణమ్మ "ఏవండీ" అంది. ఐజాక్ మేకుకి తగిలించి ఉన్న క్యారేజీ తీసుకుని బండి దగ్గరికి నడిచాడు.

బంగార్రాజు తాళం తీసుకోవడానికి వంగాడు. వంగితే డై చివరి మొహం ఆయన కళ్ళకి ఎదురుగా వచ్చింది. పసుపు ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. పూజ పసుపు దానంతట అదే రాలిపోవాలి గానీ తుడవకూడదని ఆయన నియమం. గాళ్ళ అంకెలు చెక్కి ఉన్నది ఆ మొహం మీదే. నాలుగు అంకెలూ ఆ పసుపు కిందే ఉన్నాయి.

పసుపు చారలు ఇప్పుడు అడ్డంగా ఉన్నాయి.

ఆయన గీసింది నిలువుగా. పైనుంచి కిందికి. అది ఏటా ఆయన చేసే పద్ధతి. ఐజాక్ ఇప్పుడు ఒక పలక తిప్పాడు కాబట్టి అడ్డం అయ్యాయి. అంటే ఈ తిప్పకముందు, పాతిక పైన ఉన్నప్పుడు, చారలు నిలువుగా ఉన్నాయి. పాతిక పైకి వచ్చాకే పసుపు పడింది. నాలుగు చారల్లో మూడు పొడుగు. ఒకటి పొట్టిది, కణుపు దాకా తెగిన వేలిది.

అప్పుడు గుర్తొచ్చింది ఆ సర్దిన ముక్క. ఇరవై గాడి గట్టు పక్కన ఎప్పుడో పానా పడి గంటు పడింది. పసుపు పెట్టబోతుంటే సంపూర్ణమ్మ, "ఏవండీ, ఆ గంటు మొహానికి బొట్టేంటండీ, ఇటువైపు బాగుంది కదా" అంది. నిజమేననుకుని, నున్నగా మెరుస్తున్న పక్క పలకని పైకి దొర్లించింది ఈ చేతులే. పూజయ్యాక తిరిగి తిప్పాలనుకున్నాడు. తర్వాత గుమ్మడికాయ, దిష్టి, పులిహోర, ఫోను.

రేకు కొట్టువాణ్ణి అనుమానించాడు. బ్లేడుని అనుమానించాడు. ఐజాక్‌ని అనుమానించాడు. లోకంలో అందరి పేర్లూ ఆ వరసలో పెట్టాడు, ఒక్కడి పేరు తప్ప.

బల్ల మీద నూనెగుడ్డ ఉంది. బంగార్రాజు చెయ్యి దాని మీదికి వెళ్ళింది. ఒక్కసారి తుడిస్తే చారలు పోతాయి. వీరబాబుకి ఈ నిలువూ అడ్డం లెక్క తట్టలేదు. సంపూర్ణమ్మకి ఆ రోజు అన్న మాటే గుర్తున్నట్టు లేదు. బయట బండి స్టార్టయింది. ఆ క్షణంలో బంగార్రాజుకి తన మీద తనకే భయం వేసింది. ఎందుకంటే గుడ్డ అప్పటికే చేతిలో ఉంది.

గుడ్డ విసిరికొట్టి పరిగెత్తాడు. చెప్పులు ఇంకా గేటు బయటే ఉన్నాయి, ఉత్త కాళ్ళతోనే వెళ్ళి బండికి అడ్డం నిలబడ్డాడు.

"నేనే తిప్పాను" అన్నాడు. గట్టిగా, వెనకాల వచ్చినవాళ్ళందరికీ వినిపించేలా అన్నాడు. "గంటు కనపడకూడదని పూజప్పుడు నేనే తిప్పాను. మర్చిపోయాను. నువ్వు కాదు ఐజాకూ, నేనే."

ఐజాక్ బండి ఆపాడు. "తెలుసండి."

"ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున్న కొలిచాక పసుపు చూశానండి. మీ వేలు గుర్తు పడుద్ది కదండీ."

"మరి నేనన్నన్ని మాటలంటుంటే చెప్పవేంరా?"

ఐజాక్ క్యారేజీ హ్యాండిలుకి సరిగ్గా తగిలించుకున్నాడు. "మీరు రాకముందే తిప్పేసి పని మొదలెట్టేద్దామనుకున్నానండి, గొడవే ఉండదు కదా అని. అసలు పండగ మర్నాడే అంకె చూసుకోవాల్సింది. అది మీ పూజ పసుపు. నేను తుడిస్తే బాగోదని చెయ్యి వెయ్యలేదు. అందరి ముందూ 'మీరు పూజలో తప్పు చేశారు' అని నా నోటితో అంటే అదీ బాగోదు."

బంగార్రాజు బండి హ్యాండిలు పట్టుకున్నాడు. "రా" అన్నాడు. "లోపలికి రా."

ఐజాక్ వచ్చాడు. స్కేలు తీసుకుని బంగార్రాజే గాడి నోటికి అడ్డం పెట్టాడు. "ఇరవై" అన్నాడు. తర్వాత తన నియమం తనే పక్కనబెట్టి, వేళ్ళతో పసుపు తుడిచాడు. ఇరవై అంకె బయటపడింది. ఐజాక్ బోల్టులు బిగించి, లోతు పండగ ముందున్న చోటికి తెచ్చి, మూత రేకు పెట్టాడు. పంచ్ దిగింది. ఏ చప్పుడూ లేదు. అంచు నాలుగు వైపులా పదిహేనుకి పదిహేను, గీసిన గీతలా వచ్చింది. వీరబాబు ఈల వేశాడు. సంపూర్ణమ్మ టీ పోసి మొదటి గ్లాసు ఐజాక్‌కిచ్చింది. బంగార్రాజు తన గ్లాసు ఎత్తి చూడకుండానే తాగేశాడు, నాలిక కాలింది.

పాడైన మూతలకి బదులు కొత్త రేకు కోశారు. సాయంత్రానికి మూతలన్నీ అయ్యాయి. ఆఖరిది వంచాక ఐజాక్ ప్రెస్సు తుడిచి, సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. తోలు ఏప్రన్ రోజూ మేకుకి తగిలించేవాడు, ఇవాళ మడత పెట్టి సంచిలో పెట్టుకున్నాడు. బంగార్రాజు అది చూశాడు.

"తాళం అక్కడే ఉంది, తీసుకో" అన్నాడు, ఏమీ చూడనట్టు.

"వద్దండి."

"తణుకా?"

"తణుకేనండి. ఆ రోజు ఫోనులో దుర్గాసాయి గారికి రానని చెప్పానండి. మొన్నా చెప్పాను, నిన్నా చెప్పాను. ఇవాళ పొద్దున టీ తాగేటప్పుడు ఫోన్లో వస్తానన్నాను."

"తప్పు ఒప్పుకున్నాను కదా ఐజాకూ, అందరి ముందూ."

"ఒప్పుకున్నారండి. అంత మాట ఒప్పుకోడం ఎవరివల్లా కాదు." అతని గొంతులో కోపం లేదు, అదే బంగార్రాజుని ఎక్కువ పొడిచింది. "మీ అనుమానం తీరిపోయిందండి. నాకే ఇప్పుడు మొదలైంది. రేపు ఇంకోటేదన్నా తేడా వస్తే, మీరు ముందు గాడి కొలుస్తారో నా మొహం చూస్తారో తెలవదు కదండీ. అలా బెదురుతూ రేకు పట్టుకుంటే వేళ్ళు పోతాయండి."

ఆ మాటకి బంగార్రాజు తన పొట్టి వేలు గుప్పిట్లో దాచుకున్నాడు. ఇన్నేళ్ళూ ఆ పెడలు తొక్కినవాడి కోసం వెతికాడు. అప్పుడు ప్రెస్సు కింద చెయ్యి ఎందుకు పెట్టానని మాత్రం ఎప్పుడూ అడుక్కోలేదు.

ఐజాక్ సంపూర్ణమ్మకి దణ్ణం పెట్టి, దీనమ్మ ఆదివారం వస్తుందని చెప్పి వెళ్ళిపోయాడు. ఆమె ముక్కు చీదుకుంటూ ఇంటిదారి పట్టింది. పనివాళ్ళు కూడా వెళ్ళాక, బంగార్రాజు ప్రెస్సు ముందు నిలబడ్డాడు. గాడి ఇరవయ్యేనని ఆయనకి తెలుసు. అంకె ఎదురుగా కనిపిస్తోంది. అయినా స్కేలు తీసి గాడి నోటికి అడ్డం పెట్టి కొలిచాడు. ఇరవయ్యే ఉంది. ఇంకోసారి కొలిచి, రెండు తాళాలూ తనే జేబులో వేసుకుని తలుపు మూశాడు.